కట్ పడిన చోటే అనుమానం పుడుతుంది

ఖరీదైన చీరకు మధ్యలో కట్ లేకుండా సాగే ఒకే లాంగ్ షాట్, చవక చీరకు టకటకా కట్‌లు. యాడ్ స్క్రిప్ట్ రాయడానికి కూర్చున్న ఎవరికైనా ముందు చేతికొచ్చే సూత్రం ఇదే. తిరుపతి గాంధీరోడ్డు షాపులకు లోకల్ కేబుల్‌లో, థియేటర్‌లో, వాట్సాప్‌లో తిరిగే యాడ్‌లు చూడండి, చాలావరకు ఈ గీత మీదే నడుస్తుంటాయి. ఈ సూత్రంలో సగం నిజముంది. రెండో సగాన్ని నమ్మి రాయడం వల్ల ఖరీదైన చీర యాడ్ నిద్రపుచ్చుతోంది, చవక చీర యాడ్ కళ్లు చెదరగొట్టి వదిలేస్తోంది.

సూత్రం ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తొందర లేనితనం డబ్బున్నతనంలా కనిపిస్తుంది. హడావిడి సంతలా కనిపిస్తుంది. కానీ అది యాడ్ వాలకం గురించిన మాట. కొనేవాళ్ల మనసులో ఏముందన్నది అందులో లేదు. దానికి షాపు కౌంటరు దగ్గర నిలబడి వినాలి. పదిహేను వేల చీర చేతిలో పెడితే వచ్చే ప్రశ్న, "ఇంత రేటు ఏంటికన్నా?" నాలుగొందల తొంభై తొమ్మిది చీర పెడితే వచ్చే ప్రశ్న, "రంగు పోదు గదా?" రెండూ అనుమానాలే. ఒకటి ధర మీద, ఇంకొకటి నాణ్యత మీద. ఏ అనుమానానికైనా కళ్ల ముందు జవాబు చూపించాలంటే ఆ చూపించే ముక్కలో కట్ ఉండకూడదు. కట్ పడగానే చూసేవాళ్లకు తెలియకుండానే "మధ్యలో ఏదో మార్చారు" అనిపిస్తుంది. కాబట్టి లాంగ్ షాట్‌ను ఖరీదుకు గుర్తుగా కాక సాక్ష్యంగా చూడాలి. కట్‌లు లెక్క చెప్పడానికి: ఎన్ని రంగులు, ఎన్ని డిజైన్లు, ఎంత ధర. చవక వస్తువుకూ సాక్ష్యం కావాలి. ఖరీదైన వస్తువుకు సాక్ష్యం లేకపోతే లాంగ్ షాట్ వట్టి సాగతీతే.

2013లో వోల్వో ట్రక్కుల యాడ్ ఒకటి ప్రపంచమంతా తిరిగింది. రెండు ట్రక్కులు పక్కపక్కన వెనక్కి వెళ్తుంటాయి, ఒక నటుడు రెండింటి అద్దాల మీద చెరో కాలు పెట్టి మెల్లగా కాళ్లు చాపుతాడు. అంతా ఒకే షాట్. అక్కడ అమ్ముతున్నది స్టీరింగ్ నిలకడ. మధ్యలో ఒక్క కట్ వేసి ఉంటే ఆ నిలకడను ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆ షాట్‌ను ఖరీదైన లుక్ కోసం ఎంచుకోలేదు, వేరే దారి లేక ఎంచుకున్నారు.

ఇక మన చుట్టుపక్కలకొద్దాం. శ్రీకాళహస్తి కలంకారీ చీర ఒకటి, కలంకారీ డిజైను ప్రింటు వేసిన చవక చీర ఒకటి. దూరం నుంచి చూస్తే రెండింటి పల్లూ ఒకేలా ఉండొచ్చు. యాడ్ రాసేవాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు.

చేతిపని చీర అంత ధర ఎందుకో చెప్పేది కలం. వెదురు పుల్ల మొన చెక్కి, పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తారు. ఉన్ని రంగును పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కితే మొన నుంచి దిగుతుంది. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలల్లోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. నల్లగీతకు వాడే కసిమి ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టినది. కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు, మట్టిరంగు నీళ్లలా ఉంటుంది. గుడ్డ మీద పడ్డాక కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. అంటే లేతగా పడిన గీత చూస్తుండగానే నలుపెక్కుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే స్క్రిప్ట్ సగం రాసినట్టే. కాలంలో జరిగే మార్పు ఒకటి దొరికింది. ప్రింటు చేసి దీన్ని చూపించలేరు, కట్ పెట్టి కూడా చూపించలేరు. "తరతరాల కళ", "నేతగాడి చెమట" లాంటి వాయిస్ ఓవర్ మాటలు వంద రాసినా గీత నల్లబడే ఆ కొన్ని సెకన్ల పని చేయవు.

మామూలుగా ఇక్కడ ఏం రాస్తారంటే, చీర కట్టుకున్న అమ్మాయి పెద్ద హాలులో మెల్లగా నడిచొస్తుంది, కెమెరా కుదుపు రానివ్వని గింబల్ మీద వెనక్కి జరుగుతుంది, ముప్పై సెకన్లు ఒకటే షాట్. మూడో సెకనుకే కంటికి అందాల్సింది అందిపోతుంది. మిగతా ఇరవై ఏడు సెకన్లలో కొత్తగా తెలిసేది లేదు. స్క్రిప్ట్ కాగితం మీదే దీన్ని పట్టుకోవచ్చు. సరిగ్గా మధ్యలో ఒక కట్ రాసి మళ్లీ చదవండి. ఏమీ పోలేదనిపిస్తే అది లాంగ్ షాట్ కాదు, పొడుగు షాట్.

కలంకారీ చీరకు ముప్పై సెకన్ల ఏక షాట్ స్క్రిప్ట్ నేనైతే ఇలా రాస్తాను:

0–8 సెకన్లు: బల్ల మీద కరక్కాయ వేసిన లేతపసుపు గుడ్డ. ఫ్రేము వెడల్పు 20 సెం.మీ. కెమెరా కదలదు. కలం మొన మొదటి ఫ్రేములోనే గుడ్డకు తగిలి ఉంటుంది. బొమ్మ కనురెప్ప గీత ఒక్క ఊపులో పడుతుంది. చేయి తప్పుకుంటుంది. గీత నల్లబడుతుంది.

8–11: కెమెరా పైకి లేచి ఫ్రేము 60 సెం.మీ. అవుతుంది.

11–24: కెమెరా కుడివైపు జరుగుతుంది. నల్లగీత మాత్రమే ఉన్న గుడ్డ, దాని పక్కన పటిక పూసి ఉడికించాక ఎరుపు తేలిన గుడ్డ, ఆ పక్కన పూర్తయిన పల్లూ. గుడ్డల అంచులు కనబడాలి.

24–30: కెమెరా ఆగుతుంది. రెండు చేతులు పల్లూను ఎత్తి భుజం మీద వేసుకుంటాయి. షాపు పేరు, వీధి.

అంచులు కనబడాలని రాయడం వెనుక కారణముంది. అవి మూడు వేరువేరు గుడ్డలు. అంచులు దాచి ఒకే చీర అన్నట్టు మభ్యపెడితే మొదటి ఎనిమిది సెకన్లలో సంపాదించుకున్న నమ్మకం అక్కడే పోతుంది.

కదలికకు అంకెలు ఎక్కడివని అడగొచ్చు. స్క్రిప్ట్‌లో "కెమెరా చీర మొత్తం మీదుగా సాగుతుంది" అని రాయడం చాలా తేలిక. చీర అయిదున్నర మీటర్లు. కెమెరామెన్లకు ఒక పాత లెక్క ఉంది: ఒక వస్తువు ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి ఏడు సెకన్లయినా పట్టాలి. అంతకంటే వేగమైతే సెకనుకు 24, 25 ఫ్రేముల దగ్గర బొమ్మ తునకలు తునకలుగా అదురుతుంది. సన్నని గీతలున్న గుడ్డ మీద ఆ అదురు ఇంకా ఎక్కువ కనబడుతుంది. ఫ్రేము 60 సెం.మీ. ఉంటే సెకనుకు దాదాపు ఎనిమిదిన్నర సెం.మీ. మించి జరగకూడదన్నమాట. పదమూడు సెకన్లకు 110 సెం.మీ. మన బల్ల, మన మూడు గుడ్డలు అందులోనే సర్దుకోవాలి. మొత్తం చీర చూపించాలన్న ఆశ వదులుకోవాలి. లేకపోతే సెకనుకు 37 సెం.మీ. పైన పరుగు తీయాలి, అప్పుడు మిగిలేది రంగుల చారలే.

షూటింగ్ రోజు ఇది చెడేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది కలం. ఉన్ని ఎక్కువ తడిస్తే గీత మొదట్లోనే చుక్క కారి మచ్చపడుతుంది, తక్కువ తడిస్తే సగంలో గీత ఎండిపోతుంది. దాన్ని సరిచేయగలిగేది గీసే మనిషే, డైరెక్టర్ కాదు. కాబట్టి ప్రతి టేకుకూ కొత్త గుడ్డ కావాలని స్క్రిప్ట్‌తో పాటు సామాన్ల చిట్టాలో రాసిపెట్టాలి. టేకుకు 20 సెం.మీ. చొప్పున పన్నెండు టేకులకు కరక్కాయ వేసి ఆరిన గుడ్డ రెండున్నర మీటర్లు. ఇది అప్పటికప్పుడు దొరకదు, ముందు రోజే తయారై ఉండాలి.

రెండోది ఫోకస్. దగ్గరి షాట్‌లో లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రం, అంటే ఎపర్చర్, 2.8 దగ్గర పెట్టుకుంటే వెనకంతా మసకగా అందంగా ఉంటుంది, కానీ పదునుగా ఉండే లోతు మిల్లీమీటర్లలోనే. కలం మొన పదునుగా ఉంటే అప్పటికే పడిన గీత మసకబారుతుంది. మనం చూపించాల్సింది ఆ గీతే. ఎపర్చర్ 8కి దించి, దానికి తగ్గట్టు లైటు పెంచుకోవాలి. షాపులో చవక ఎల్‌ఈడీ లైట్లుంటే వాటిని ఆర్పేసి తీయడం మంచిది. మన కరెంటు 50 హెర్ట్జ్, షట్టర్ 1/50 పెడితే చాలావరకు మిణుకు కనబడదు, కానీ స్లో మోషన్ కోసం షట్టర్ పెంచితే తెరమీద నల్లపట్టీలు పాకుతాయి. కట్‌లున్న యాడ్‌లో ఆ ముక్క తీసేయొచ్చు. ఇక్కడ తీసేయడానికి ముక్కే లేదు.

మూడోది మోరే. నేత దారాల వరుస, కెమెరా సెన్సర్ గళ్ల వరుస ఒకదానికొకటి తగులుకుంటే గుడ్డ మీద లేని అలలు కనబడతాయి. అది దూరాన్ని బట్టి వస్తుంది. కెమెరా దగ్గర నుంచి దూరానికి లేస్తున్నప్పుడు ఎక్కడో ఒకచోట కచ్చితంగా ఆ దూరం తగలొచ్చు. రిహార్సల్ చిన్న మానిటర్ మీద చూసి సరిపెట్టుకోకూడదు, రికార్డు చేసి పెద్ద తెరమీద చూడాలి. అల కనబడిన చోట గుడ్డను పది, పదిహేను డిగ్రీలు వాలుగా తిప్పితే చాలాసార్లు పోతుంది.

ఈ షాట్‌కు వాయిస్ ఓవర్ ఇరవై మాటలు చాలు, అవి కూడా 11వ సెకను తర్వాతే. ముందు ఎనిమిది సెకన్లలో మాట్లాడితే చూపు గీత మీద నుంచి చెవికి మళ్లుతుంది.

ఇప్పుడు ప్రింటు చీర. దీనికి కట్‌లు తగినవే, ఎందుకంటే దీని బలం సంఖ్యలో ఉంది. ఒకే డిజైనుకు అయిదు రంగులు, నాలుగైదు డిజైన్లు, ఒకే ధర. తప్పు జరిగేది కట్‌లను సమానంగా పంచడంలో. ముప్పై సెకన్లు, ముప్పై షాట్లు, డప్పు దెబ్బకొకటి. పదో సెకనుకు కన్ను లెక్కపెట్టడం మానేస్తుంది, అన్నీ ఒకే చీరలా కనిపిస్తాయి, ధర ఎక్కడో కొట్టుకుపోతుంది.

టీవీకి సెకనుకు 25 ఫ్రేములు, ముప్పై సెకన్లకు 750. వీటిని డబ్బులా ఖర్చుపెట్టాలి. నా పంపకం ఇది. మొదటి షాట్‌కు 50 ఫ్రేములు, ఒక చీర విప్పి గాల్లోకి ఎగరేయడం. తర్వాత 14 షాట్లు, ఒక్కొక్కటి 18 ఫ్రేములు, అంటే సెకనులో మూడు వంతులకు కాస్త తక్కువ. అవి 252. ఆ తర్వాత ఆగి, ఒకే షాట్‌కు 200 ఫ్రేములు, ఎనిమిది సెకన్లు. మళ్లీ 18 ఫ్రేముల షాట్లు ఆరు, 108. చివర ధర, వీధి పేరు ఉన్న పలకకు 140. మొత్తం 750.

మధ్యలో ఆ ఎనిమిది సెకన్లే ఈ యాడ్‌కు ప్రాణం. "రంగు పోదు గదా?" అన్న ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పాలి. స్టీలు గిన్నెలో నీళ్లు. తెల్ల చేతిగుడ్డను ముంచి పిండి, చీర మీద అత్యంత ముదురు రంగున్న చోట పదిసార్లు గట్టిగా రుద్ది, విప్పి కెమెరా ముందు చూపించాలి. గుడ్డ ఫ్రేము బయటికి ఒక్క క్షణం కూడా పోకూడదు. చేయి అడ్డం రాకూడదు. స్క్రిప్ట్‌లో ఈ రెండు వాక్యాలు రాయకపోతే కెమెరామెన్ అలవాటుగా రుద్దేటప్పుడు మొహం మీదికి, మళ్లీ గుడ్డ మీదికి కట్ అడుగుతాడు. ఆ కట్‌తో పరీక్ష కాస్తా నాటకమైపోతుంది. ముందూ వెనకా టకటకలాడే షాట్లుండటం వల్ల ఈ నిలకడ మరింత పట్టుకుంటుంది. చవక వస్తువు యాడ్‌లో లాంగ్ షాట్ ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఈ తెల్లగుడ్డే.

ఒక జాగ్రత్త. స్క్రిప్ట్ రాయకముందే షాపులోని సరుకు మీద ఈ పరీక్ష నిజంగా చేసి చూడాలి. పాలిస్టర్ మీద వేడితో ఎక్కించిన ప్రింటు మామూలుగా చన్నీళ్లకు దిగదు. కాటన్ మీద పిగ్మెంట్ ప్రింటు అయితే, ముఖ్యంగా నలుపు, ముదురు ఎరుపు, తడిగుడ్డకు అంటుకోవడం మామూలే. అంటుకుంటే ఆ షాట్ రాయకూడదు, అంతే. వేరే చీరతో తీసి ఈ చీర అమ్మడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద దానికి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. రంగు దిగే సరుకుకు వేరే సాక్ష్యం వెతకాలి: చీర పూర్తి పొడవు టేపుతో కొలిచి చూపించడం, జాకెట్టు ముక్క విడిగా ఉందని చూపించడం. వీటికీ ఒకే షాట్ కావాలి.

18 ఫ్రేముల షాట్లు చెడేది కంటి దారి తెగినప్పుడు. ఒక షాట్‌లో పల్లూ ఎడమ మూల ఉండి, తర్వాతి షాట్‌లో కుడి మూల ఉంటే, కన్ను అక్కడికి చేరేలోపే షాట్ అయిపోతుంది. అందుకని పద్నాలుగు షాట్లలోనూ చీర ఫ్రేములో ఒకే చోట ఉండాలని, రంగు మాత్రమే మారాలని స్క్రిప్ట్‌లో రాయాలి. ఒక డిజైను అయిదు రంగులు వరుసగా వచ్చాకే రెండో డిజైను. అప్పుడు మెదడు "ఇదే చీర, ఇన్ని రంగులు" అని లెక్కవేసుకుంటుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే షాటుకో తెలుపు వస్తుంది, వంగపండు రంగు చీర నీలంగా పోతుంది, షాపుకొచ్చినవాళ్లు "యాడ్‌లో ఉన్న రంగు ఏది?" అని అడుగుతారు. దాన్ని ఒకచోట బిగించి ఉంచాలి.

ధర పలకకు 140 ఫ్రేములు ఎక్కువనిపించొచ్చు. పలకలో ఉన్నదంతా మామూలు వేగంతో రెండుసార్లు పైకి చదివేంత సమయం ఇవ్వాలన్నది ఎడిటింగ్ గదుల్లో ఉన్న పాత అలవాటు. తెలుగు ఒత్తులు, గుణింతాలు చిన్న అక్షరాల్లో ముద్దగా అయిపోతాయి కూడా. బస్టాండు తెరల మీద శబ్దం ఉండదు, యాత్రికుల్లో తమిళం, కన్నడం చదివేవాళ్లు ఎందరో. ధర అంకె పెద్దగా, ఒంటరిగా నిలబడితే అందరికీ అందుతుంది.

ఇక ఖర్చు. లాంగ్ షాటే ఖరీదన్న నమ్మకం మీద చిన్న షాపులు దాని జోలికి పోవు. లెక్క చూస్తే తిరగబడుతుంది. 23 షాట్లకు సర్దుబాటు పావుగంట చొప్పున వేసుకున్నా ఆరు గంటల పని. కలంకారీ షాట్‌కు ఒకే బల్ల, ఒకే లైటు, రెండు మూడు గంటలు సర్దడం, రిహార్సల్, ఆపైన టేకులు. ఎడిటింగ్‌లో పని దాదాపు లేదు. వాట్సాప్‌లో పంపినప్పుడు కూడా ఏక షాటుదే పైచేయి. ప్రతి కట్ దగ్గరా బొమ్మ మొత్తం కొత్తగా కుదించాల్సి వస్తుంది కాబట్టి, కట్‌లెక్కువున్న యాడ్ చిన్న ఫైలులో గళ్లు గళ్లుగా విరుగుతుంది.

లాంగ్ షాట్ నిజంగా ఖరీదయ్యేది టీవీ సమయం దగ్గర. టీవీలో యాడ్ ధర పది సెకన్ల లెక్కన ఉంటుంది. షాపువాళ్లు మొదటి వారం ముప్పై సెకన్లు వేసి, తర్వాత పది సెకన్లకు దిగుతారు. కట్‌ల యాడ్ నుంచి పది సెకన్లు తీయడం ఒక పూట పని: మొదటి షాట్, కొన్ని రంగులు, ధర పలక. ఏక షాట్ నుంచి ఎలా తీస్తారు? మధ్యలో కోస్తే అది ఏక షాట్ కాదు. దీనికి ఎడిటింగ్‌లో మందు లేదు, స్క్రిప్ట్‌లోనే వేయాలి. 20వ సెకనుకు కెమెరా ఎరుపు తేలిన గుడ్డ దాటి పల్లూ మీదికి చేరేలా బల్ల మీద గుడ్డలు పరచాలి. అప్పుడు 20 నుంచి 30 వరకు ఉన్న ముక్క తనంతట తానే నిలబడుతుంది: పల్లూ, భుజం, పేరు. మొదటి ఎనిమిది సెకన్ల గీత ఇంకో ముక్క. యూట్యూబ్‌లో అయిదో సెకనుకు స్కిప్ బటన్ వస్తుంది. అందుకే మొదటి ఫ్రేములోనే కలం గుడ్డకు తగిలి ఉండాలని రాశాను. చీకటి నుంచి మెల్లగా వెలుగు, దీపం, గుడి గంట అంటూ మొదలుపెడితే గీత పడేలోపే వేలు బటన్ మీద పడుతుంది. ఫోనులో నిలువు తెర కోసం అడ్డంగా జరిగే 11–24 ముక్క పనికిరాదు, రెండు వైపులా కోసుకుపోతుంది. నిలువుకు ఆ ఎనిమిది సెకన్లే వాడుకోవాలి, కాబట్టి తీసేటప్పుడే చేయి, గీత ఫ్రేము నడిమధ్యలో ఉండేలా చూసుకోవాలి.

ప్రింటు చీర ధర పలక మీద పదం ఎంపిక ఒకటి మిగిలింది. "శ్రీకాళహస్తి కలంకారీ" భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు. చేత్తో కలం పట్టి గీసిన దానికే అది చెల్లుతుంది. స్క్రీన్ ప్రింటు చీర పలక మీద "కలంకారీ డిజైన్ ప్రింట్" అని మూడు మాటలూ ఒకే సైజు అక్షరాల్లో రాయాలి. "కలంకారీ" పెద్దగా, "డిజైన్ ప్రింట్" చీమంత పెడితే, 140 ఫ్రేముల్లో కన్ను పెద్ద మాటనే చదువుతుంది.